ఆరబెట్టేది విమానం, పొట్టు రేపేది బాత్రూం: విశాఖ నుంచి లండన్ దాకా మన చర్మం

పోయినేడాది జనవరిలో మా పిన్ని లండన్ నుంచి వీడియో కాల్ చేసింది. కూతురింటికి వెళ్ళి అప్పటికి నాలుగో రోజు. పలకరింపులు కూడా సరిగ్గా అవకముందే ఫోను కాలి దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. మోకాలి కింద ఎముక పొడుగునా చర్మం బూడిద పూసినట్టు తెల్లబారి, ఎండిన చెరువు మట్టిలా సన్నటి గీతలుగా విడిపోయి ఉంది. ముక్కుకి రెండు పక్కలా పొట్టు లేచింది. పెదవి మూల చిట్లింది.

"ఇక్కడి నీళ్ళు నాకు పడలేదే. ఎలర్జీ అనుకుంటాను. మీ షాపులో ఉండే ఆయింట్‌మెంటేదైనా పేరు చెప్పు, అల్లుడు గారు తెస్తారు" అంది.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి డౌన్‌లో మాది మందుల షాపు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు, చదువులకి వెళ్ళిన పిల్లల తరఫున అమ్మానాన్నలు, ఏటా ఎవరో ఒకరు ఇదే చెప్తారు. విమానం దిగిన మూడు నాలుగు రోజులకి ఒళ్ళంతా పగిలింది, నీళ్ళు పడలేదు అని. అందుకే పిన్నికి మందు పేరు చెప్పకుండా రెండు ప్రశ్నలు వేశాను. విమానంలో మొహానికి ఏం చేశావు? దిగాక మొదటి స్నానం ఎలా చేశావు?

ఆవిడ చెప్పింది వింటే కారణం దొరికిపోయింది. విమానంలో మొహం బిగుసుకుపోతుంటే గంటకోసారి సెంటు వాసన వేసే తడి టిష్యూతో తుడుచుకుంది. మధ్యమధ్యలో రోజ్ వాటర్ స్ప్రే కొట్టుకుంది. క్రీము మాత్రం రాయలేదు, "నాది జిడ్డు మొహం కదా" అంది. ఇల్లు చేరగానే అలసట తీరాలని మరిగే నీళ్ళలాంటి షవర్ కింద ఇరవై నిమిషాలు నిలబడి, ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన సబ్బుతో తల నుంచి పాదం దాకా రుద్దుకుంది. సాయంత్రం చలికి మళ్ళీ ఇంకోసారి. నాలుగు రోజుల్లో ఎనిమిది స్నానాలు.

నీళ్ళు పడకపోవడం అనేది ఇందులో కొంత నిజమే. కానీ అది ఎలర్జీ కాదు. విమానం ఆవిడ చర్మాన్ని ఆరబెట్టింది, ఆ బాత్రూం దాని పై పొరని కరిగించింది. ఒక్కొక్కటిగా అయితే రెండూ తట్టుకోగలిగినవే. ఒకదాని వెనక ఒకటి పడితేనే ఇలా అవుతుంది.

మన గాలి, ఆ గాలి

విశాఖలో పుట్టి పెరిగిన వాళ్ళకి ఎండిన గాలి అంటే ఏమిటో నిజంగా తెలియదు. బీచ్ రోడ్డులో ఇనుప గేట్లు ఎందుకు తుప్పు పడతాయో, వానాకాలంలో ఉప్పు జాడీ మూత తీస్తే ఎందుకు చెమ్మగిల్లి ఉంటుందో మనకి తెలుసు. 30 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 75 శాతం ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. ఇలాంటి గాలిలో చర్మం నుంచి నీరు బయటికి పోవాలన్నా నెమ్మదిగానే పోతుంది.

విమానం ఎగిరే ఎత్తున, అంటే 35 వేల అడుగుల పైన, బయటి ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చలిలో గాలి నీటిని పట్టి ఉంచలేదు. ఆ గాలినే లోపలికి తీసుకుని, ఒత్తిడి పెంచి, వెచ్చబరిచి మన మీదకి వదులుతారు. వెచ్చబడినంత మాత్రాన కొత్తగా నీరు పుట్టదు కాబట్టి దాని తేమ ఒక శాతం కూడా ఉండదు. క్యాబిన్‌లో చివరికి 10 నుంచి 20 శాతం తేమ ఉంటుందంటే అదంతా చాలావరకు ప్రయాణికుల ఊపిరి, చెమటల నుంచి వచ్చినదే. 24 డిగ్రీల దగ్గర 12 శాతం అంటే ఘనమీటరుకి మూడు గ్రాముల లోపు నీరు. మన ఊరి గాలిలో ఉన్నదానిలో దాదాపు తొమ్మిదో వంతు అన్నమాట. హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా వెళ్ళే విమానంలో ఈ గాలిలో పది గంటల పైచిలుకు కూర్చోవాలి.

ఈ పది గంటల్లో చర్మంలో ఏం జరుగుతుంది? చర్మపు పైపొర, అరచేతులూ అరికాళ్ళూ తప్పిస్తే, తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలా పేర్చి ఉన్న గోడ అది. ఇటుకల లోపల నీటిని పట్టి ఉంచే సహజమైన పదార్థాలు కొన్ని ఉంటాయి. లోపలి నుంచి నీరు ఎప్పుడూ కొంచెం కొంచెంగా ఈ గోడ దాటి ఆవిరవుతూనే ఉంటుంది. బయటి గాలి ఎండినకొద్దీ పైనున్న ఇటుకలు ముందు ఆరతాయి. ఆరిన ఇటుక ముడుచుకుంటుంది. మొహం లాగినట్టు, నవ్వితే చిట్లుతుందేమో అన్నట్టు అనిపించేది ఇందుకే. గోడ మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఇక్కడి దాకా జరిగిన నష్టం మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి ఒకటి రెండు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది.

పిన్ని చెప్పిన "జిడ్డు మొహం" మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనలో చాలామంది క్రీము మానేసేది ఆ మాట మీదే. జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డు అంటే గ్రంథుల నుంచి వచ్చి పైన పేరుకునే నూనె. తేమ అంటే ఆ ఇటుకల లోపలి నీరు. నుదురు, ముక్కు మీద నూనె మెరుస్తూనే దాని కింద చర్మం ఎండిపోయి ఉండవచ్చు. ముంగాలి మీద నూనె గ్రంథులు అసలే తక్కువ, అందుకే ముందు అక్కడే పగులుతుంది. పైగా యాభై దాటిన ఆడవాళ్ళలో నూనె ఊరడం బాగా తగ్గిపోతుంది. పాతికేళ్ళప్పుడు ఉన్న జిడ్డు మొహం పిన్నికి ఇప్పుడు లేదు, అలవాటుగా అనుకుంటోంది అంతే.

రోజ్ వాటర్ సంగతి

ఎండిన గాలిలో మొహం మీద నీళ్ళు చల్లుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఆ హాయి రెండు నిమిషాలే. చల్లిన నీరు ఆవిరయ్యాక మొహం మళ్ళీ బిగుస్తుంది, మళ్ళీ చల్లాలనిపిస్తుంది. మాటిమాటికీ తడిసి ఆరడం వల్ల పైపొర ఇంకా బలహీనపడుతుంది. టిష్యూతో తుడవడం ఇంకా చెడ్డది. అందులోని సబ్బులాంటి పదార్థం, సెంటు మొహం మీదే ఉండిపోతాయి, ఉన్న కాస్త నూనె టిష్యూకి అంటుకుని పోతుంది.

క్రీములో చూసుకోవలసినవి రెండే. నీటిని పట్టి ఉంచేది ఒకటి, పైన మూతలా పరుచుకునేది ఇంకొకటి. గ్లిజరిన్, హయాలురోనిక్ యాసిడ్, యూరియా మొదటి రకం. పెట్రోలియం జెల్లీ, మైనం రకాలు, డైమెథికోన్ రెండో రకం. విశాఖలో వట్టి గ్లిజరిన్ ఉన్న పల్చటి జెల్ రాసుకున్నా సరిపోతుంది, గాలిలోనే బోలెడు నీరు ఉంది కాబట్టి. విమానంలో అదే జెల్ ఒక్కటీ రాస్తే, గాలిలో తీసుకోవడానికి నీరు లేదు, కింది పొరల నుంచి వచ్చిన నీటిని పట్టుకున్నా పైన మూత లేదు. ఇక్కడ పనిచేసినది అక్కడ పనిచేయలేదని చాలామంది అనేది అందుకే. మూత వేసే వాటిలో పెట్రోలియం జెల్లీని మించినది లేదు. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని అది దాదాపుగా ఆపేస్తుంది. పది రూపాయల డబ్బీ కదా అని చిన్నచూపు చూడకండి.

కొబ్బరినూనె రాసుకోవచ్చా అని అడుగుతారు. రాసుకోవచ్చు. చేతులకీ కాళ్ళకీ బాగానే పనిచేస్తుంది, కాకపోతే జెల్లీ అంత గట్టి మూత కాదు. మొటిమలు వచ్చే మొహానికి మాత్రం వద్దు. జనవరి లండన్‌లో సీసాలో గడ్డకట్టి ఉంటుంది, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించుకోవాలి.

నీళ్ళు ఎక్కువ తాగితే చర్మం ఎండదన్న నమ్మకం కూడా ఉంది. దాహం వేసినప్పుడు తాగండి, నోరు ఎండకుండా చూసుకోండి. కానీ కడుపులోకి వెళ్ళిన నీరు చచ్చిన కణాల పైపొరకి నేరుగా చేరదు. రెండు లీటర్లు తాగి మొహానికి ఏమీ రాయకపోతే బాత్రూంకి తిరగడమే మిగులుతుంది.

అసలు దెబ్బ తగిలేది స్నానాల గదిలో

లండన్ చుట్టుపక్కల నేల కింద సుద్దరాయి, సున్నపురాయి పొరలు ఉన్నాయి. వాటిలోంచి వచ్చే నీటిలో కాల్షియం ఎక్కువ. నీటి కాఠిన్యాన్ని లీటరుకి ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని లెక్కిస్తారు. 60 లోపు ఉంటే మెత్తటి నీరు, 180 దాటితే చాలా కఠినం. లండన్‌లో చాలా చోట్ల 200 దాటుతుంది. తాగడానికి దానితో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా సబ్బుతోనే.

మనం వాడే మామూలు ఒంటి సబ్బు కొవ్వుల నుంచి చేసినది. కాల్షియం తగిలితే అది నురగ కావడం మాని, నీటిలో కరగని తెల్లటి మడ్డి అవుతుంది. బకెట్ అంచున పట్టే జిగట పొర అదే. మన మధురవాడలోనో గాజువాకలోనో బోరు నీళ్ళతో బట్టలుతికిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఎంత రుద్దినా సబ్బు అరుగుతుందే గాని నురగ రాదు. ఆ మడ్డి బకెట్‌కి అంటినట్టే ఒంటికీ అంటుతుంది. ఎంత కడిగినా పోదు. సబ్బు క్షారం, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మం కొంచెం ఆమ్లగుణంతో, 5 దగ్గర ఉంటేనే దాని గోడ బాగుంటుంది. పైన క్షారపు మడ్డి కూర్చుంటే ఇటుకల మధ్య సున్నం వదులవుతుంది. మరిగే నీళ్ళు దాన్ని ఇంకా కరిగిస్తాయి. పది గంటలు ఆరిపోయి ముడుచుకున్న గోడ మీద ఈ పని రోజుకి రెండుసార్లు నాలుగు రోజులు జరిగితే పిన్ని కాలు అలా కాక ఎలా ఉంటుంది?

ఆవిడకి నమ్మకం కుదరడానికి ఆ రోజు ఫోన్లోనే ఒక పరీక్ష చేయించాను. మీరూ వెళ్ళిన చోట చేసుకోవచ్చు. ఒక ఖాళీ నీళ్ళ సీసాలో సగం దాకా కుళాయి నీళ్ళు పట్టి, చాకుతో నాలుగు సబ్బు తురుములు గీకి వేసి, మూత బిగించి పదిసార్లు గట్టిగా ఊపాలి. లిక్విడ్ వాష్‌తో కాదు, మామూలు సబ్బుతోనే చేయాలి. నేను ఇక్కడ షాపులో కుళాయి నీళ్ళతో చేశాను. మేఘాద్రిగెడ్డ, రైవాడ లాంటి జలాశయాల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్ళవి. నా సీసాలో నురగ మూడు వేళ్ళ మందాన నిలబడింది, కింద నీళ్ళు తేటగానే ఉన్నాయి. పిన్ని సీసాలో నురగ లేచినట్టే లేచి అణిగిపోయింది. నీళ్ళు పలచటి మజ్జిగలా మారి, తెల్లటి తునకలు గోడలకి అంటుకున్నాయి. "ఇదేటే, విరిగిన పాలలాగా ఉంది" అంది. అదే నీ ఒంటి మీద ఉందమ్మా అన్నాను.

"ఇక్కడ ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున కూడా ఇలాగే తెల్లగా పెంకు కడుతుంది" అని చెల్లెలు వెనక నుంచి అందుకుంది. ఆ మాటే నాకు పనికొచ్చింది. సుద్దరాయి నీటిలో కాఠిన్యం చాలావరకు మరిగిస్తే విడిపోయే రకం. కెటిల్ అడుగున పెంకు కట్టిందంటే అంత కాల్షియం నీటిలోంచి దిగిపోయినట్టే. అంటే మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీళ్ళతో మొహం కడుక్కుంటే కుళాయి నీటి కంటే మెత్తటి నీళ్ళు ఉచితంగా దొరికినట్టు. కొని తెచ్చే మినరల్ వాటర్ సీసాలు ఇందుకు వాడకండి, వాటిలో కొన్ని కుళాయి నీటికి దీటుగా కఠినంగా ఉంటాయి. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్ల మీద డబ్బు పెట్టడం కూడా నాకిష్టం లేదు. వాటిలో చాలావరకు క్లోరిన్ వాసన తగ్గించేవే, కాల్షియాన్ని తీయాలంటే అయాన్లు మార్చే రెసిన్ ఉండాలి.

ఒళ్ళంతా మరిగించిన నీళ్ళతో కడగలేం కదా. అక్కడ మార్చవలసింది సబ్బుని. సిండెట్ బార్ అని ఉంటాయి. చూడటానికి సబ్బులాగే ఉంటాయి కానీ కొవ్వు సబ్బు కావు, కాబట్టి కాల్షియంతో మడ్డి కట్టవు, పీహెచ్ కూడా చర్మానికి దగ్గరగా ఉంటుంది. అట్ట వెనక మొదటి పేరు సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే అది సిండెట్. సోడియం పామేట్ అనో సోడియం పామ్ కర్నెలేట్ అనో మొదలైతే మామూలు సబ్బు. మన దగ్గర టీఎఫ్ఎం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం, 76 శాతం దాటిన సబ్బు మొదటి రకం అంటారు, మంచిదే, కానీ కఠినమైన నీటిలో అదీ మడ్డే కడుతుంది. చర్మం ఎండి ఉన్న ఆ వారం సిండెట్‌నైనా చంకలు, గజ్జలు, పాదాలకి వాడితే చాలు. మిగతా ఒంటికి గోరువెచ్చటి నీళ్ళు సరిపోతాయి. చలి దేశంలో చెమట పట్టని చేతుల్ని రోజూ రుద్దాల్సిన పని లేదు.

సున్నిపిండి పట్టుకెళ్తే? సబ్బు కాదు కాబట్టి మడ్డి కట్టదు, ఆ మేరకు మంచిదే. కానీ నలుగులా రుద్దితే ఎండిన పొర రేగిపోతుంది. పొట్టు లేచిన చర్మం మీద వారం పాటు దాన్ని ముట్టుకోవద్దు.

పిన్నికి చెప్పిన మందు

ఆ రోజు ఆవిడ అడిగిన ఆయింట్‌మెంట్ నేను ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. మన దగ్గర దురద అనగానే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీము చాలామంది అడిగి తీసుకెళ్తారు. రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది, బాగానే ఉందనుకుని రాస్తూనే ఉంటారు. నెలల తరబడి అలా రాస్తే చర్మం పలచబడుతుంది. మొహం మీదైతే ఇంకా ప్రమాదం. ఎండిపోయిన చర్మానికి అది మందే కాదు.

పిన్ని చేసినదల్లా ఇది. స్నానం రోజుకి ఒక్కటి, గోరువెచ్చటి నీళ్ళతో, ఏడెనిమిది నిమిషాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. ఒంటి మీద చెమ్మ ఉండగానే, అంటే మూడు నాలుగు నిమిషాల్లోపే, సెంటు లేని మందపాటి క్రీము. ముంగాళ్ళకి రాత్రి దాని మీద పలచగా జెల్లీ. మొదటిరోజు ముక్కు పక్కన క్రీము రాయగానే చురుక్కుమందట. గోడ చిట్లిందనడానికి అదొక గుర్తు, మామూలు క్రీమే మంట పెడుతుంది. ఒక నిమిషంలో ఆగిపోతే భయం లేదు. ఆ చోట రెండు రోజులు క్రీము మాని వట్టి జెల్లీ రాయమన్నాను. ఆరో రోజుకి మంట లేదు, పది రోజులకి కాలి మీద గీతలు మాయమయ్యాయి.

దీనికి లొంగనివి కూడా ఉంటాయి, వాటిని కనిపెట్టడం ముఖ్యం. అంచు స్పష్టంగా ఉండి గుండ్రంగా పెరిగే మచ్చ అయితే తామర కావచ్చు. గంటల్లో లేచి మాయమయ్యే దద్దుర్లు, పెదవి, కనురెప్ప వాపు అయితే ఎలర్జీ. చీము, రసి కారితే ఇన్‌ఫెక్షన్. ఇవి కనిపిస్తే, లేదా వారం రోజులు పైన చెప్పినట్టు చేసినా దురద నిద్ర పోనివ్వకపోతే డాక్టర్ చూడాలి. ఎగ్జిమా, సొరియాసిస్ ముందు నుంచీ ఉన్నవాళ్ళు తమ డాక్టర్ రాసిన మందులు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

రెండో ప్రయాణం సంచి

ఈ జనవరిలో పిన్ని మళ్ళీ వెళ్ళింది. ఈసారి సంచి మా షాపు బల్ల మీదే సర్దాం. ఆవిడ తెచ్చినవి పదకొండు డబ్బాలు. తిరిగి పట్టుకెళ్ళినవి నాలుగు.

ఎంత పట్టుకెళ్ళాలనేది కొలతతోనే తేల్చాం. చర్మ డాక్టర్లకి ఒక సులువైన కొలత ఉంది. ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా క్రీము పిండితే అది దాదాపు అర గ్రాము. మొహానికీ మెడకీ కలిపి అలాంటివి రెండున్నర కావాలి. ఒక్కో చేతికి మణికట్టు దాకా, ముందూ వెనకా, ఒకటి. రోజుకి రెండుసార్లు మొహానికి అంటే రెండున్నర గ్రాములు, చేతులకి నాలుగుసార్లు అంటే నాలుగు గ్రాములు. ప్రయాణం రోజు, దాని తరవాత రెండు రోజులు కలిపి 20 గ్రాములు. అంటే 30 గ్రాముల ట్యూబు చాలు. ఒళ్ళంతటికీ ఒకసారి రాయాలంటే మాత్రం 20 గ్రాములు పడుతుంది. నెలకి సరిపడా ఇక్కడి నుంచి మోసుకెళ్ళడం అనవసరం, అక్కడి మందుల షాపుల్లో 500 గ్రాముల డబ్బాలు కూడా అమ్ముతారు. చెల్లెలు ముందే ఒకటి కొని ఉంచింది.

కాబట్టి సంచిలో 30 గ్రాముల క్రీము, చిన్న జెల్లీ డబ్బీ, సగానికి కోసిన సిండెట్ బార్, ముక్కు లోపల ఎండకుండా సెలైన్ చుక్కల సీసా. సన్‌స్క్రీన్ తీసి పక్కన పెట్టాను. జనవరి లండన్ ఎండలో చర్మాన్ని కాల్చే కిరణాలు దాదాపు ఉండవు. సింగపూరో దుబాయో అయితే ముందు పెట్టేది అదే.

2006 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం అంతర్జాతీయ విమానంలో చేతి సంచిలో ద్రవాలు ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటని సీసాలోనే ఉండాలి, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. కొన్ని విమానాశ్రయాలు దీన్ని సడలించాయి, కానీ బయల్దేరే చోటూ మారే చోటూ రెండింటిలో ఎక్కడ కట్టుదిట్టమో దాన్నే లెక్కలోకి తీసుకోండి. క్రీము, జెల్లీ, కొబ్బరినూనె అన్నీ ద్రవాల కిందకే వస్తాయి. చూసేది సీసా మీద రాసిన కొలతనే. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కొంచెమే ఉందన్నా వదలరు. గట్టి సబ్బు బార్‌కి ఈ గొడవ లేదు. ఇంకో చిన్న విషయం, ట్యూబు మూత పెట్టే ముందు లోపలి గాలి పిండేయాలి. పైకి వెళ్ళాక క్యాబిన్ ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచించి, మూత తీయగానే క్రీము ఒళ్ళో పడుతుంది. సగం ఖాళీ అయిన సీసాలే ఎక్కువ కారతాయి.

బయల్దేరే రెండు రోజుల ముందు నుంచే పని మొదలైంది. థ్రెడింగ్, ఫేషియల్ వద్దన్నాను. రెటినాల్ లాంటి రాత్రి క్రీములు వాడేవాళ్ళు కూడా మూడు రోజుల ముందే ఆపాలి, కొత్త క్రీము ఏదీ ప్రయాణం రోజున మొదలుపెట్టకూడదు. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే ముందు స్నానం చేసి, చెమ్మ మీదే కాళ్ళకీ చేతులకీ క్రీము, ముంగాళ్ళకి దాని పైన జెల్లీ, ఆ పైన కాటన్ మేజోళ్ళు. విశాఖ నుంచి హైదరాబాద్ దాకా గంట పైచిలుకే, అక్కడేమీ చేయనక్కర్లేదు. పెద్ద విమానం ఎక్కి సీట్లో కూర్చున్నాక తల పైన గాలి వదిలే మూతిని మొహం మీద పడకుండా పక్కకి తిప్పింది. భోజనం అయ్యాక చేతులు కడుక్కొచ్చి, చెమ్మ చేతులతోనే మొహానికి క్రీము, పెదవులకీ ముక్కు అంచుకీ బుగ్గలకీ పలచగా జెల్లీ. సగం దారిలో మళ్ళీ ఒకసారి. చేతులు కడిగిన ప్రతిసారీ చేతులకి. తుడవడం లేదు, చల్లడం లేదు. మొహం మెరుస్తుంటే పక్కావిడ చూస్తుందని మొహమాటపడిందట, పది నిమిషాలకి ఆవిడే కొంచెం ఇవ్వమని అడిగిందట.

దిగాక మొదటి స్నానం మర్నాటికి వాయిదా వేసింది. ఆ రాత్రి మొహానికి కెటిల్‌లో మరిగించి చల్లార్చిన ఒక చెంబు నీళ్ళే. నాలుగో రోజున మళ్ళీ వీడియో కాల్‌లో కాలు చూపించింది. అక్కడక్కడా కాస్త తెల్లబారింది గాని గీతలు లేవు. హీటర్ వేసిన గదిలో గాలి కూడా బాగా ఎండి ఉంటుంది, అందుకే పడుకునే ముందు క్రీము ఉన్నన్నాళ్ళూ మానలేదు.

మార్చి చివర్లో తిరిగొచ్చింది. ఎయిర్‌పోర్ట్ బయట అడుగు పెట్టగానే ఉక్కపోత మొహానికి కొట్టిందట. అలవాటు కొద్దీ ఆ రాత్రీ ఒళ్ళంతా క్రీము, జెల్లీ రాసి పడుకుంది. మూడో రోజుకి మెడ వెనకా వీపు మీదా చెమటకాయలు లేచాయి. షాపుకొచ్చి "ఇప్పుడేటైందే" అని చూపిస్తే, జెల్లీ ఆపి రెండు పూటలా చల్లనీళ్ళ స్నానం చేయమన్నాను. డబ్బీ ఇంకా సగం ఉంది. మూత బిగించి, వచ్చే జనవరి దాకా అల్మారాలో పెట్టేసింది.